ఆటలో 43, పరీక్షలో 25

మా అక్క కూతురికి పదిహేడేళ్లు. ఇంటర్ అయిపోయింది, గుమాస్తా ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటోంది. మే నెలలో తెనాలిలో మా ఇంటికి వచ్చినప్పుడు, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చకచకా టైప్ చేస్తుంటే వెనక నిలబడి చూశాను. తెర పైనుంచి చిన్న చిన్న ఓడలు దిగుతున్నాయి. ఒక్కో ఓడ మీద ఒక్కో ఇంగ్లీషు మాట. మాట పూర్తిగా టైప్ చేస్తే ఓడ పేలిపోతుంది. జడ్‌టైప్ అనే ఆట అది. ఆట అయ్యాక మంకీటైప్ అనే సైట్ తెరిచి, 30 సెకన్ల టెస్ట్ రాసి, "పిన్నీ, నా స్పీడ్ 43!" అని చూపించింది.

నేను మాట్లాడకుండా పాత పరీక్షల పుస్తకంలోంచి ఒక పేజీ తీసి పక్కన పెట్టాను. "ఇది పది నిమిషాలు కొట్టు" అన్నాను. పది నిమిషాల్లో 1,390 సార్లు కీ నొక్కింది, 31 మాటలు తప్పు పడ్డాయి. లెక్క కట్టి 25 అని చెప్తే పిల్ల మొహం మాడిపోయింది. ఆట తప్పు చెప్పిందా, పేజీ తప్పు చెప్పిందా అని అడిగింది. రెండూ నిజమే చెప్పాయి. అవి కొలిచినవి వేరు.

ముందు ఈ స్పీడ్ లెక్క ఏమిటో చూద్దాం. టైపింగ్‌లో 'మాట' అంటే నిఘంటువులో మాట కాదు, అయిదు కీ దెబ్బలు. స్పేస్ కూడా ఒక దెబ్బే. 1,390ని 5తో భాగిస్తే 278 మాటలు, పది నిమిషాలకు కాబట్టి నిమిషానికి 28. అందులోంచి తప్పు పడ్డ 31 తీసేస్తే 247, అంటే నిమిషానికి 25 కంటే కాస్త తక్కువ. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఇంటర్ స్థాయి సీహెచ్‌ఎస్‌ఎల్ పరీక్షలో ఎల్‌డీసీ అనే గుమాస్తా పోస్టులకు ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు అడుగుతారు. నోటిఫికేషన్‌లో అదే గంటకు 10,500 కీ దెబ్బలు అని ఉంటుంది. పది నిమిషాలకు లెక్కేస్తే 1,750. తప్పుల శాతానికి కూడా హద్దు ఉంటుంది. మా పిల్లకు 360 దెబ్బలు తక్కువ, తప్పులేమో మాటల్లో పదకొండు శాతం.

మరి 43 ఎక్కడి నుంచి వచ్చింది? మంకీటైప్ తెరవగానే కనిపించే టెస్ట్‌లో ఉండేవి ఇంగ్లీషులో అతి తరచుగా వాడే రెండు వందల మాటలు. the, of, and, people లాంటివి. అన్నీ చిన్న అక్షరాలే. కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు, అంకె లేదు, Shift నొక్కే అవసరమే లేదు. పైగా ముప్పై సెకన్లే. పరిచయమున్న వీధిలో వంద గజాల పరుగు అది. పరీక్ష పేజీలో "Ministry of Finance", "1,250", "Section 4(b)" లాంటివి వస్తాయి. అక్కడ చెయ్యి ఆగుతుంది.

ఇక ఆటల సంగతి. ఏ టైపింగ్ ఆట మంచిదో చెప్పాలంటే బొమ్మలు, సౌండ్ కాదు, తప్పు కొడితే ఆ ఆట ఏం చేస్తుందో చూడాలి. ఓడల ఆటలో తప్పు అక్షరం కొడితే తెర మీద ఏదీ చెరపక్కర్లేదు. సరైన అక్షరం తగిలేదాకా ఓడ పగలదు, అంతే. కాబట్టి తోచిన కీలు నాలుగు వరసగా బాదినా పని జరిగిపోతుంది. బాదడమే అలవాటవుతుంది. ఉచితంగా దొరికే టక్స్ టైపింగ్‌లో అక్షరాలున్న చేపలు పైనుంచి పడే ఆట కూడా ఇంచుమించు ఇదే తరహా. చిన్నపిల్లలకు కీబోర్డు మీద భయం పోవడానికి అది చక్కటిది. పరీక్షకు వెళ్లే పిల్లకు చాలదు.

టైప్‌రేసర్ పద్ధతి వేరు. నలుగురి కార్లు పోటీ పడతాయి, ఇచ్చిన పేరాలో నిజమైన వాక్యాలుంటాయి, పెద్ద అక్షరాలు, కామాలు ఉంటాయి. తప్పు పడితే ఎర్రగా మారుతుంది, దాన్ని చెరిపి దిద్దేదాకా కారు కదలదు. ఇక్కడ తప్పుకు ధర ఉంది. ఆ ధర ఎంతో ఒకసారి లెక్కేసి చూడండి. తప్పు పడింది, గమనించకుండా ఇంకో నాలుగు అక్షరాలు కొట్టేశాం. ఇప్పుడు అయిదు సార్లు Backspace, మళ్లీ అయిదు అక్షరాలు. అయిదు దెబ్బల పనికి పదిహేను ఖర్చయ్యాయి. నెమ్మదిగా కొట్టేవాడు ముందు ఎలా చేరతాడో పిల్లలకు చెప్పడం కంటే ఆ కారు ఆగడం చూపిస్తే త్వరగా అర్థమవుతుంది.

మూడోది `keybr.com`. చూడటానికి ఆటలా ఉండదు కానీ నా ఓటు దీనికే. మొదట కొన్ని అక్షరాలే ఇస్తుంది. వాటితో ఇంగ్లీషులా వినిపించే, అర్థం లేని మాటలు అల్లి ఇస్తుంది. ఆ అక్షరాలన్నీ నిర్ణీత వేగానికి వచ్చాకే ఇంకో అక్షరం తెరుచుకుంటుంది. ఏ అక్షరం దగ్గర చెయ్యి తడబడుతోందో దానికి తెలుసు, అదే మళ్లీ మళ్లీ వడ్డిస్తుంది. అర్థం లేని మాటలు కావడం కూడా మంచిదే. మాట సగం చూసి మిగతాది ఊహించే వీలుండదు.

అయితే ఈ మూడింటిలో ఏదీ పట్టించుకోని విషయం ఒకటుంది. మీ కళ్లు ఎక్కడున్నాయో ఏ సైటుకూ తెలియదు.

మా పిల్ల ఆరు వేళ్లతో కొడుతోంది. ప్రతి మాటకీ ఒకసారి తల దించి కీబోర్డు వైపు చూస్తోంది. ఓడల ఆటలో ఇది ఇబ్బంది అనిపించదు, ఎందుకంటే ఒక్కో మాట విడిగా ఉంటుంది, చూసి, గుర్తుపెట్టుకుని, కిందకి చూసి కొట్టొచ్చు. పేజీ కొట్టేటప్పుడు అలా కుదరదు. చెయ్యి తిరిగిన టైపిస్టు కళ్లు వేళ్ల కంటే కొన్ని అక్షరాలు ముందుంటాయి. వేలు ఒక అక్షరం మీద ఉండగానే తర్వాతి వేలు తన కీ వైపు బయల్దేరుతుంది. 2018లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వాళ్లు లక్షా అరవై ఎనిమిది వేల మంది టైపింగ్‌ను, మొత్తం 13.6 కోట్ల కీ దెబ్బలను పరిశీలించారు. వేగంగా కొట్టేవాళ్లు ఒక కీ వదలకముందే తర్వాతి కీ నొక్కేస్తున్నారని, వాళ్ల తప్పులు కూడా తక్కువేనని తేలింది. తల దించిన ప్రతిసారీ ఆ గొలుసు తెగిపోతుంది. తల ఎత్తాక, పేజీలో ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. ఒక లైను మొత్తం వదిలేయడం అక్కడే జరుగుతుంది.

నేను 1990లలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్‌కు కూర్చున్నప్పుడు మొదటి వారమంతా `asdfgf ;lkjhj` ఒక్కటే కొట్టించారు. కాగితం నిండా అదే. విసుగుకు మరో పేరు అది. కానీ మిషన్ పక్కన కాగితం పెట్టి, తల కిందకి వంగితే మా మాస్టారు స్కేలుతో బల్ల మీద టక్కున కొట్టేవారు. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ లెసన్ కంటే ఆ టక్కే మాకు టైపు నేర్పింది. స్కేలు పట్టుకుని నిలబడే ఓపిక నాకు లేదు కాబట్టి ఇంట్లో చింతపిక్కలతో ఆట పెట్టాను.

ఆట ఇది. ఒక గిన్నెలో ఇరవై చింతపిక్కలు. చేతుల మీద పలచటి తువ్వాలు. చూపుడు వేళ్లు F, J మీద ఉన్న చిన్న గీతలను తడిమి పట్టుకోవాలి, మిగతా వేళ్లు వాటి పక్కన వాటంతట అవే సర్దుకుంటాయి. keybrలో పది నిమిషాలు. తువ్వాలు ఎత్తినా, తల దించినా ఒక పిక్క పోతుంది. చివరికి గిన్నెలో మిగిలినవే మార్కులు. స్పీడ్‌కు ఒక్క మార్కు కూడా లేదు. మొదటి రోజు నాలుగో నిమిషానికే గిన్నె ఖాళీ. ఆ సాయంత్రమంతా మొహం ముడుచుకుని కూర్చుంది. తొమ్మిదో రోజుకు పదిహేడు మిగిలాయి.

ఈ తొమ్మిది రోజుల్లో స్పీడ్ పెరగలేదు సరికదా, 28 నుంచి 17కి పడిపోయింది. ఆరు వేళ్ల పాత అలవాటు వదిలి పది వేళ్లకు మారేటప్పుడు ఇది తప్పదు. చాలామంది పిల్లలు పాత పద్ధతికి వెనక్కి పోయేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే సైట్లన్నీ స్పీడ్‌నే పెద్ద అక్షరాల్లో చూపిస్తాయి. బాగుపడుతున్న పిల్లకు పాడైపోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే స్కోరు రూలే మార్చాం. వారానికి ఒకసారి కొత్త పేజీ, పది నిమిషాలు. సరైన మాటల సంఖ్యలోంచి ఒక్కో తప్పు మాటకు అయిదు తీసేయాలి. మొదటి పేజీకి ఈ లెక్కన 247లోంచి 155 పోతే 92. మూడో వారంలో వేగం నిమిషానికి 23 మాత్రమే, కానీ తప్పులు ఎనిమిది. 230లో సరైనవి 222, వాటిలోంచి 40 తీస్తే 182. స్పీడ్ తగ్గింది, స్కోరు దాదాపు రెట్టింపయింది. తన పాత స్కోరును తానే ఓడించింది కాబట్టి ఆట నిలబడింది. అయిదే ఎందుకంటే పెద్ద శాస్త్రమేమీ లేదు. రెండు పెడితే పిల్లలు తప్పుల్ని లెక్కచేయరు, పది పెడితే భయపడి వేళ్లు బిగుసుకుంటాయి.

తప్పుల్ని లెక్కపెట్టడమే కాదు, ఎర్ర పెన్నుతో చుట్టి చదవాలి. ప్రతి తప్పుకూ ఒక కారణం కనిపిస్తుంది. r బదులు t పడితే చెయ్యి తన చోటు నుంచి జరిగింది, F, J గీతలు మళ్లీ తడమాలి. the బదులు teh పడితే రెండు చేతుల్లో ఒకటి తొందరపడింది, లయ తప్పింది. k బదులు d పడితే వేలు సరైనదే, చెయ్యి మారింది. రెండూ మధ్యవేలి కీలే కదా. ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లలో మామూలే, నెమ్మదిస్తే పోతుంది. మా పిల్ల మొదటి పేజీలో 31 తప్పుల్లో పన్నెండు పెద్ద అక్షరాల దగ్గరే. దగ్గర నిలబడి చూస్తే తెలిసింది: ఒక్క పెద్ద అక్షరం కోసం Caps Lock నొక్కి, అక్షరం కొట్టి, మళ్లీ Caps Lock నొక్కుతోంది. రెండోసారి ఆలస్యమైతే THe అవుతుంది. మరిచిపోతే మాటంతా పెద్ద అక్షరాలే.

దీనికి రైలు ఆట కట్టాం. రూలు ఏమిటంటే అక్షరం ఎడమ చేతిదైతే కుడి Shift, కుడి చేతిదైతే ఎడమ Shift. విజయవాడ నుంచి గూడూరు దాకా స్టేషన్లు వరసగా కొట్టాలి.

```
Vijayawada Tenali Nidubrolu Bapatla Chirala
Ongole Kavali Nellore Gudur
```

V, T ఎడమ చేతివి కాబట్టి కుడి Shift. N వచ్చేసరికి ఎడమ. B, C మళ్లీ కుడి. O, K, N మూడూ ఎడమ. చివర్లో G కుడి. ఎక్కడ తప్పు పడినా బండి మళ్లీ విజయవాడ నుంచే. ఒంగోలు దగ్గర ఎన్నిసార్లు బండి వెనక్కి పోయిందో లెక్కలేదు. నాలుగు రోజులకు గూడూరు చేరింది. ఆ తర్వాత తన ఊరి వైపు స్టేషన్లు తనే రాసుకుంది. ఏ సైటులోనూ ఇలాంటి ఆట నాకు కనిపించలేదు, కాగితం మీద పేర్లు రాసుకుంటే చాలు.

ఉత్సాహం వచ్చాక పిల్ల రోజుకు మూడు గంటలు ఆడతానంది. నేను ఒక గంటకే ఒప్పుకున్నాను. 1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పేటప్పుడు ఇదే చూశారు. కొందరికి రోజుకు ఒక గంట, కొందరికి రెండు గంటలు, కొందరికి నాలుగు. గంటల లెక్కన చూస్తే అందరికంటే తక్కువ శ్రమతో నేర్చుకుంది రోజుకు ఒక గంట వాళ్లే. తమాషా ఏమిటంటే అందరికంటే తక్కువ తృప్తి కూడా వాళ్లకే. రోజులు ఎక్కువ పట్టాయి కాబట్టి తామే వెనకబడ్డామనుకున్నారు. మేం ఆ గంటను పది నిమిషాల పిక్కల ఆట, కాస్త రైలు, ఒక పేరా, మధ్యలో చేతులు దించి రెండు నిమిషాలు విరామం, ఇలా విడగొట్టాం. మణికట్టు బల్ల అంచుకు ఆనించి కొడితే నొప్పి వస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజుకు ఆపేయాలి.

నెల తర్వాత ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డు కొన్నాం. పరీక్షా కేంద్రాల్లో డెస్క్‌టాప్‌లే ఉంటాయి, వాటి కీలు ల్యాప్‌టాప్ కీల కంటే లోతుగా దిగుతాయి. ల్యాప్‌టాప్ మీదే అలవాటైన వేలు అక్కడ అక్షరాలు మింగేస్తుంది. మంకీటైప్ కూడా వాడాం, కాకపోతే `punctuation`, `numbers` రెండూ పెట్టుకుని, సమయం ముప్పై సెకన్ల నుంచి పది నిమిషాలకు మార్చుకుని. 43 కాస్తా మొదట్లో 26 అయింది. ఇంకెప్పుడూ ఆ 43 మాట ఎత్తలేదు. పదో వారం పేజీలో 1,810 దెబ్బలు, అంటే 362 మాటలు, తొమ్మిది తప్పులు. నిమిషానికి 36, తప్పులు తీసేస్తే 35.

పరీక్ష గట్టెక్కడానికి ఇది సరిపోతుంది, ఆఫీసులో సరిపోదు. అక్కడ రోజంతా పేరాలు కొట్టేవాళ్లు తక్కువ, అంకెలు కొట్టేవాళ్లు ఎక్కువ. కీబోర్డు కుడివైపు ఉండే నంబర్ ప్యాడ్‌లో 5 మీద కూడా చిన్న గీత ఉంటుంది. మధ్యవేలు దాని మీద, చూపుడు వేలు 4 మీద, ఉంగరం వేలు 6 మీద, బొటనవేలు సున్నా మీద. దీనికి ఆట మా వంటింట్లోనే దొరికింది. నెల సరుకుల పొడవాటి బిల్లు తీసుకుని, అడుగున టోటల్ మడిచేసి, ధరలన్నీ ఎక్సెల్‌లో A1 నుంచి ఒకదాని కింద ఒకటి కొట్టాలి. కీబోర్డు చూడకూడదు. ముప్పై ధరలుంటే చివర `=SUM(A1:A30)` కొట్టి, మడత విప్పి చూడాలి. టోటల్ కలిస్తే గెలుపు.

కలవకపోతే ఇంకా మజా. ఒకరోజు 90 తేడా వచ్చింది. 90ని 9తో భాగిస్తే శేషం లేకుండా పోతుంది కాబట్టి ఏదో సంఖ్యలో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు అని చెప్పాను. లెక్కలు రాసే గుమాస్తాల పాత చిట్కా ఇది. తేడా 90 అంటే తారుమారైంది వందల, పదుల స్థానాల్లో, ఆ రెండంకెల మధ్య తేడా ఒకటి. వెతికితే కందిపప్పు దగ్గర 540 బదులు 450 కొట్టింది. ఆ రోజు నుంచి బిల్లు టోటల్ కలవకపోతే ముందు 9తో భాగించి చూస్తోంది. అన్ని తప్పులూ దీనికి దొరకవు, ఒక ధర పూర్తిగా వదిలేస్తే ఆ ధరంత తేడా వస్తుంది, అప్పుడు ఆ అంకె బిల్లులో వెతకాలి.

చివరికి తెలుగు టైపింగ్ దగ్గరికొచ్చాం. ఇక్కడ ఇంగ్లీషుకు ఉన్నన్ని ఆటలు లేవు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో యాపిల్ కీబోర్డు నడుస్తుంది, ఇంట్లో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు. ప్రభుత్వ ప్రమాణం మాత్రం ఇన్‌స్క్రిప్ట్. దీన్ని చూసి భయపడతారు గానీ దాని అమరిక తేలిక: గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. మధ్య వరసలో ఎడమ నుంచి ో, ే, పొల్లు, ి, ు, ఆ తర్వాత ప, ర, క, త, చ. వేళ్లు కదిలించకుండా లేదా పక్క కీకి మాత్రం జరిపి ఎన్ని తెలుగు మాటలు కొట్టొచ్చు అని పందెం వేసుకున్నాం. చేప, తోక, కర్ర వెంటనే వచ్చాయి. కప్పు అంటే `khdhg`, పొల్లు ఉన్న d ఒత్తుకు ఎలా పనికొస్తుందో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. నేను 'పత్రిక' అన్నాను, `hldjfk`. ఇంక గెలిచినట్టే అనుకుని టీ పెట్టడానికి లేచాను. స్టవ్ వెలిగించేలోపు లోపల్నుంచి కేక వినిపించింది. "పిన్నీ, 'చేరుకోరు'! ఎనిమిది దెబ్బలు, ఒక్కటి కూడా పై వరసకి పోలేదు!"